జపాన్‌కు తొలి ప్రయాణం: ఏ పూటకు ఏ పలకరింపు, దాన్ని ఎలా పలకాలి

జపాన్ వెళ్లే ముందు చాలామంది పెద్ద పదాల జాబితా ఒకటి ఫోన్‌లో దింపుకుని విమానంలో బట్టీ పడతారు. అంత అవసరం లేదు. పది రోజుల ప్రయాణంలో రోజూ నోటికి తగిలే పలకరింపులు పట్టుమని పది ఉండవు. ఆ కొన్నింటినీ సరైన వేళకు, సరైన నిడివితో పలికితే చాలు. అవతలివాళ్లు వెంటనే అందుకుని అదే మాట తిరిగి చెబుతారు. నిడివి తప్పితే మాత్రం మాట తెలిసినా వాళ్ల చెవికి ఎక్కదు. అందుకే ఇక్కడ ముందు ఉచ్చారణ సంగతి చూసి, తర్వాత పూటల్లోకి వెళ్దాం.

మొదటి అడుగు: ఇంగ్లిషు అక్షరాలు వదిలేసి తెలుగులో రాసుకోండి

పర్యాటకుల పుస్తకాల్లో జపనీస్ మాటలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. మన చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఏ అచ్చు పొట్టిదో ఏది పొడుగుదో ఆ అక్షరాలు సరిగా చెప్పవు. మనం అలవాటు కొద్దీ ఎక్కడ పడితే అక్కడ దీర్ఘం తీసి ‘అరిగాటో’, ‘కోనిచివా’, ‘ఒహాయో’ అంటాం. ఈ మూడూ తప్పే. తెలుగు లిపిలో ఎ, ఏలకూ ఒ, ఓలకూ విడివిడి అక్షరాలున్నాయి, ఒత్తులున్నాయి, సున్న ఉంది. జపనీస్ పలకరింపులు రాసుకోవడానికి కావాల్సిందల్లా ఇవే. కింది వాటిని ఇలాగే ఒక కాగితం మీద రాసుకోండి:

- ఒహయో గొజఇమస్: ఉదయం పలకరింపు
- కొన్నిచివ: పగటి పలకరింపు
- కొంబంవ: చీకటి పడ్డాక పలకరింపు
- ఒయసుమినసఇ: రాత్రి పడుకోబోయే ముందు సెలవు
- సుమిమసెన్: ‘ఏవండీ’ అని పిలవడానికీ, ‘క్షమించండి’ అనడానికీ
- ఒనెగఇశిమస్: ఏదైనా అడుగుతూ లేదా చేతికిస్తూ ‘దయచేసి’ అనడానికి
- అరిగతో గొజఇమస్: కృతజ్ఞత
- ఇత్తెకిమస్, తదఇమ: బస నుంచి బయల్దేరేటప్పుడు ఒకటి, తిరిగొచ్చాక ఒకటి

‘జఇ’, ‘సఇ’, ‘గఇ’ అని విడదీసి రాయడం కావాలనే. అక్కడ ‘అ’, ‘ఇ’ రెండూ విడివిడిగా వినబడాలి. ‘జై’, ‘సై’ అని రాసుకుంటే నాలుక వాటిని ఒక్క దెబ్బలో చుట్టేస్తుంది.

రెండో అడుగు: మాత్రలు లెక్కపెట్టండి

బళ్లో ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘం గురువు, ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు, సున్నతో ఉన్నదీ గురువే. జపనీస్ మాటల లయ సరిగ్గా ఈ లెక్క మీదే నడుస్తుంది. హైకూలోని అయిదు, ఏడు, అయిదు కూడా ఈ మాత్రలే.

కొన్నిచివ తీసుకుందాం. ‘కొ’ తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి దానికి రెండు మాత్రలు. తర్వాత ని, చి, వ తలా ఒకటి. మొత్తం అయిదు. ‘కోనిచివా’ అంటే మొదట దీర్ఘం వచ్చి ద్విత్వం పోయింది, చివర లేని దీర్ఘం చేరి ఆరు మాత్రలైంది. ‘కొన్ని’ అనే మన మాటను ఎలా పలుకుతామో అలాగే పలికి, దానికి ‘చివ’ను పొట్టిగా తగిలించండి. సరిపోతుంది.

అరిగతోలో అ, రి, గ మూడూ లఘువులు, తో ఒక్కటే గురువు. ఇదీ అయిదే. ఇక్కడ మనవాళ్లు తప్పకుండా ‘గా’ అని సాగదీస్తారు. సాగాల్సింది చివరి ‘తో’. ఒహయోలోనూ అంతే, ‘హ’ పొట్టి, ‘యో’ పొడుగు. ఒ, హ, యో కలిపి నాలుగు మాత్రలు. పూర్తి మాట ఒహయో గొజఇమస్ తొమ్మిది మాత్రలు: ఒ, హ, యోకు రెండు, గొ, జ, ఇ, చివరి మస్‌కు రెండు.

సాధన ఎలా అంటారా? బల్ల మీద వేలితో ఒక్కో మాత్రకు ఒక్కో దెబ్బ వేస్తూ పలకండి. మొదట మెల్లగా వేయండి, తర్వాత వేగం పెంచండి. వేగం పెరిగినప్పుడు దెబ్బల సంఖ్య తగ్గిందంటే ఎక్కడో ఒక దీర్ఘమో ద్విత్వమో మింగేశారన్నమాట. పెరిగితే కొత్త దీర్ఘం చేర్చారు.

మూడో అడుగు: నాలుగు ధ్వనులు సరిచేసుకోండి

ఒకటి, చివరి ‘స్’. తెలుగు మాట అచ్చుతో ముగియాలి. అందుకే బస్ మన నోట్లో బస్సు అవుతుంది. అదే ఊపులో ‘గొజఇమస్సు’ అనేస్తాం. జపనీస్ రాతలో అక్కడ ‘సు’ ఉన్నా పలకడంలో ఆ ఉకారం దాదాపు ఊపిరిగా మిగులుతుంది. ‘మస్’ అని ఆపేయండి. ద్విత్వం వద్దు, ‘మాస్’ అనే దీర్ఘం అసలే వద్దు. ఒసాకా, క్యోటో వైపు కొందరు ఆ ‘సు’ను కాస్త స్పష్టంగా అంటారు, అది విని మళ్లీ అనుమానంలో పడకండి.

రెండోది త, ద. ఇంగ్లిషు అలవాటుతో ‘అరిగటో’ అనకండి. నాలుక కొన పళ్లకు తగిలే మన ‘త’ జపనీస్ ధ్వనికి బాగా దగ్గర. తదఇమలో కూడా ‘తల’లోని త, ‘దయ’లోని ద. ‘ర’ కూడా తేలికే. ‘గరిట’లో రి ఎలా ఒక్కసారి తాకి వదిలేస్తామో అరిగతోలోనూ అంతే.

మూడోది ‘జ’. తెలుగులో జడ అన్నప్పటి జ వేరు, జీతం అన్నప్పటి జ వేరు. పాత పుస్తకాల్లో మొదటిదాన్ని ౙ అని గుర్తు పెట్టి అచ్చువేసేవాళ్లు. గొజఇమస్‌లో ఉన్నది ఆ జడలోని జ. కొత్తగా పరిచయమైనప్పుడు అనే ‘హజిమెమశ్తె’లో ఉన్నది జీతంలోని జ. తెలుగు సహజంగా పలికేవాళ్లకు ఇది నేర్పనక్కర్లేదు, హిందీ, ఇంగ్లిషు ప్రభావంతో అన్నిటినీ ఒకే జగా మార్చుకున్నవాళ్లు మాత్రం గమనించుకోవాలి.

నాలుగోది సున్న. మనం కంబళి అన్నప్పుడు సున్న ‘మ్’ అవుతుంది, కంది అన్నప్పుడు ‘న్’ అవుతుంది. జపనీస్ సున్న కూడా పక్కనున్న హల్లును బట్టి ఇలాగే మారుతుంది. కాబట్టి కొంబంవను రాసినట్టే చదవండి. మొదటి సున్న దానంతటదే ‘మ్’ అవుతుంది. రెండోది ‘సంవత్సరం’లో సున్నలా ముక్కులోంచి వస్తుంది. ‘కోన్ బాన్ వా’ అని ముక్కలు చేయొద్దు. రెండు, రెండు, ఒకటి, మొత్తం అయిదు మాత్రలు.

స్వరాల ఎత్తుపల్లాల గురించి మొదటి ప్రయాణంలో బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఏ అక్షరాన్నీ గట్టిగా నొక్కకుండా, సమంగా, కొంచెం మెల్లగా అంటే చాలు.

నాలుగో అడుగు: గడియారం కాదు, వెలుతురు చూడండి

ఒహయో గొజఇమస్ నిద్ర లేచినప్పటి నుంచి ఉదయం పదిన్నర, పదకొండు దాకా. ఒట్టి ‘ఒహయో’ స్నేహితులకూ పిల్లలకూ సరిపోతుంది. హోటల్ సిబ్బందికి, టాక్సీ నడిపేవారికి, పెద్దవాళ్లకు పూర్తి మాట అనాలి. మీరు ప్రయాణికులు, ఎదుటివాళ్లు కొత్తవాళ్లు, కాబట్టి పూర్తి మాటే అలవాటు చేసుకోండి.

పదకొండు నుంచి పొద్దుగూకే దాకా కొన్నిచివ. దీనికి వేరే మర్యాద రూపం లేదు. ఒహయోకు తగిలించినట్టు దీనికీ గొజఇమస్ తగిలించే పొరపాటు కొత్తవాళ్లు చేస్తుంటారు, అలాంటి మాట లేదు. పెద్దవాళ్లయితే తల ఇంకొంచెం వంచండి, మాట అదే. ఇంకో సంగతి, జపనీస్ అక్షరాలు నేర్చుకుంటూ వచ్చినవాళ్లు ఈ మాట చివర ‘హ’ అక్షరం చూసి ‘కొన్నిచిహ’ అని చదువుతారు. ఇక్కడ దాన్ని ‘వ’ అనే పలకాలి. కొంబంవ చివర కూడా అంతే.

పదిన్నర ప్రాంతంలో ఏది అనాలో తోచకపోతే ఏదైనా పరవాలేదు. అవతలివాళ్లు ముందు పలకరిస్తే వాళ్లు అన్న మాటనే తిరిగి అనడం అన్నిటికన్నా సులువు.

అసలు తికమక సాయంత్రం వస్తుంది. ‘కొంబంవ ఆరింటి నుంచి’ అని చాలా జాబితాల్లో రాసి ఉంటుంది. అది నమ్ముకోవద్దు. డిసెంబరు మొదట్లో టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే సూర్యాస్తమయం. జూన్ చివర ఏడింటికి. హైదరాబాద్‌లో చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య ఆ తేడా గంటా గంటంబావు, అక్కడ రెండున్నర గంటలు. కాబట్టి డిసెంబరులో అయిదింటికి దుకాణంలోకి అడుగుపెడితే బయట చీకటి, మాట కొంబంవ. జూన్‌లో అదే అయిదింటికి ఎండ కాస్తుంటుంది, కొన్నిచివ. ఊరు మారినా తేడా వస్తుంది. దేశమంతటా గడియారం ఒక్కటే అయినా ఫుకుఒకా టోక్యోకు చాలా పడమరన ఉంది, అక్కడ డిసెంబరులో సూర్యాస్తమయం అయిదుంబావు ప్రాంతంలో. వీధి దీపాలు వెలిగాయా లేదా అన్నది చూసుకుంటే చాలు.

ఒయసుమినసఇ రాత్రి పలకరింపు కాదు, రాత్రి సెలవు. హోటల్‌కు తొమ్మిదింటికి చేరి, గుమ్మంలోనే ఈ మాట అంటే వచ్చీ రాగానే వెళ్తున్నట్టు ఉంటుంది. లోపలికి వస్తూ కొంబంవ, గదికి వెళ్లిపోతూ ఒయసుమినసఇ.

ఒక మినహాయింపు చెవిన పడొచ్చు. భోజనశాలల్లో సాయంత్రం పనిలోకి వచ్చేవాళ్లు లోపలివాళ్లతో ‘ఒహయో గొజఇమస్’ అంటుంటారు. ఆ రోజు పని మొదలుపెడుతూ తోటివాళ్లతో అనుకునే మాట అది. మనం అనుకరించాల్సింది కాదు.

అయిదో అడుగు: బస గుమ్మం దగ్గర జంట మాటలు

పర్యాటకుల జాబితాల్లో తరచూ వదిలేసేవి ఇవి. నా లెక్కలో వీటికే ఎక్కువ విలువ. ఉదయం మీరు బయటికి వెళ్తుంటే హోటల్ లేదా రియోకాన్ అనే సంప్రదాయ జపనీస్ బస సిబ్బంది ‘ఇత్తెరష్షఇ’ లేదా ఇంకాస్త మర్యాదగా ‘ఇత్తెరష్షఇమసె’ అంటారు. ‘వెళ్లి రండి’ అని. దానికి జవాబు ‘ఇత్తెకిమస్’, ‘వెళ్లొస్తాను’. తెలుగింట్లో ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అనే అలవాటు మనకూ ఉంది కాబట్టి దీని మర్యాద విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. ‘ఇత్తె’లో ఒత్తు గట్టిగా పలకాలి, ‘ఇతెకిమస్’ అంటే ఒక మాత్ర పోయింది.

సాయంత్రం తిరిగొస్తే ‘ఒకఎరినసఇ’ అంటారు. జవాబు ‘తదఇమ’. త, ద, ఇ, మ, నాలుగు లఘువులు. ‘తదైమా’ అనొద్దు. పెద్ద హోటళ్లలో సిబ్బంది ఈ మాటలు అనకపోవచ్చు. వాళ్లు అనకుండా మీరే ముందు ‘తదఇమ’ అనడం కాస్త వింతగా ఉంటుంది. అక్కడ కొంబంవ చాలు.

ఆరో అడుగు: ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు

దుకాణంలోకి అడుగుపెట్టగానే ‘ఇరష్షఇమసె’ అని గట్టిగా వినిపిస్తుంది. అది రమ్మని పలికే స్వాగతం. దాన్నే తిరిగి అంటే మీరు దుకాణదారు అయిపోతారు. చాలామంది జపనీయులు దానికి జవాబే చెప్పరు. చిన్నగా తల వంచితే మర్యాదకు లోటుండదు. చిన్న కొట్టు అయి, యజమాని ఎదురుగా ఉంటే పూటను బట్టి కొన్నిచివో కొంబంవో అనండి.

టోక్యో వీధుల్లో, రైళ్లలో ముక్కూమొహం తెలియనివాళ్లను పలకరించే అలవాటు లేదు. కొండదారుల్లో సంగతి వేరు. అక్కడ ఎదురుపడ్డవాళ్లు కొన్నిచివ అనుకోవడం మామూలే. పొద్దున్నే ఎక్కుతుంటే ఒహయో గొజఇమస్. అక్కడ మౌనంగా దాటిపోతేనే బాగోదు.

చేతుల సంగతి. మనకు పలకరింపు అనగానే రెండు చేతులూ కలుస్తాయి. జపాన్‌లో చేతులు జోడించేది గుళ్లో, భోజనానికి ముందు ‘ఇతదకిమస్’ అన్నప్పుడు, లేదా ఎవరినైనా బతిమాలుతున్నప్పుడు. పలకరించడానికి కాదు. చేతులు పక్కనే ఉంచి, మాట అయ్యాక నడుము నుంచి కొద్దిగా, ఓ పదిహేను డిగ్రీలు వంగితే చాలు. మెడ ఒక్కటే టకటక ఆడించొద్దు. బరువైన సంచి భుజాన ఉంటే తల వంచడమే సరిపోతుంది.

ఒకే మనిషి ఒకే రోజు మళ్లీ ఎదురైతే అదే పలకరింపు తిరిగి చెప్పరు. హోటల్ మెట్ల మీద రెండోసారి కనిపించినామెకు చిరునవ్వు, చిన్న తల వంపు చాలు.

ఒక రోజు మొత్తం నడిచి చూద్దాం

డిసెంబరు, టోక్యో, చిన్న రియోకాన్ బస అనుకుందాం.

ఉదయం ఏడున్నరకు ఫలహారానికి దిగుతారు. వడ్డించే ఆమెకు ‘ఒహయో గొజఇమస్’. గది నంబరు చీటీ ఇస్తూ ‘ఒనెగఇశిమస్’. ఈ మాటకు పూటతో పనిలేదు. పాస్‌పోర్టు ఇచ్చినా, టాక్సీలో చిరునామా చూపించినా, దుకాణంలో డబ్బు పళ్లెంలో పెట్టినా ఇదే పనికొస్తుంది. తొమ్మిదింటికి బయల్దేరుతుంటే ‘ఇత్తెరష్షఇ’ వినబడుతుంది, మీ జవాబు ‘ఇత్తెకిమస్’.

పదిన్నరకు దారి తప్పారు. ఎవరినైనా అడగాలంటే ఒహయో, కొన్నిచివ రెండూ వద్దు. ‘సుమిమసెన్’ అని మొదలుపెట్టండి. దారిన పోయేవారిని ఆపడానికి అదే మాట. బాగా పలికితే ఒక ఇబ్బంది, వాళ్లు గడగడా జపనీస్‌లో దారి చెప్పేస్తారు. అప్పుడు ‘సుమిమసెన్, ఏగొదె ఒనెగఇశిమస్’, అంటే ‘ఇంగ్లిషులో చెప్పండి’. చెప్పాక ‘అరిగతో గొజఇమస్’.

ఒంటిగంటకు నూడుల్స్ కొట్టులోకి వెళ్తూ ‘కొన్నిచివ’. తిని లేచి వస్తూ వంట చేసే ఆయన వైపు చూసి ‘గొచిసోసమదెశ్త’ అనండి. భోజనం పెట్టినందుకు కృతజ్ఞత అది. ఇందులో ఒక్క ‘సో’ మాత్రమే దీర్ఘం.

సాయంత్రం అయిదింటికి గుడి దగ్గరి మిఠాయి కొట్టు. దీపాలు వెలిగాయి, ‘కొంబంవ’. ఇదే రోజు జూన్‌లో అయితే ఇక్కడ మాట మారి కొన్నిచివ అయ్యేది, మిగతావి మారవు. తొమ్మిదింటికి బసకు చేరితే ‘ఒకఎరినసఇ’, ‘తదఇమ’. తాళం తీసుకుని మెట్లెక్కుతూ ‘ఒయసుమినసఇ’.

పలికింది సరిగా ఉందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. సరిగా ఉంటే అవతలివాళ్లు ఆలోచించకుండా అదే మాట తిరిగి అంటారు. కనుబొమలు ఎత్తి ‘ఎ?’ అన్నారంటే, లేదా ‘హఇ?’ అని పైకి సాగదీశారంటే మాట అందలేదు. మళ్లీ గట్టిగా అరవకండి. మాత్రలు విడదీసి మెల్లగా అనండి.

వెళ్లిపోయేటప్పుడు

‘సయోనర’ అందరికీ తెలిసిన మాటే, అయినా దుకాణంలోనో హోటల్‌లోనో అది వాడరు. బడిపిల్లలు ఇళ్లకు వెళ్తూ పంతులమ్మతో అంటారు, లేదా చాలాకాలం కలవబోమన్నప్పుడు వస్తుంది. కొట్టు నుంచి బయటపడుతూ ‘అరిగతో గొజఇమస్’ చాలు. ఒసాకాలో పెద్దవయసు దుకాణదార్లు ‘ఓకిని’ అంటే అదీ కృతజ్ఞతే, అది వాళ్ల యాస. మీ జవాబు మీదే.

హోటల్ ఖాళీ చేసే ఉదయం మాత్రం చివర మారుతుంది: ‘అరిగతో గొజఇమశ్త’. సేవ పూర్తయింది కాబట్టి ‘మస్’ పోయి ‘మశ్త’ వస్తుంది. రాతలో అది ‘మశిత’, పలకడంలో ఆ ఇకారం దాదాపు వినబడదు. నాలుగైదు రోజులు ఉన్న రియోకాన్‌లో అయితే ‘ఒసెవని నరిమశ్త’ అనండి, ‘మీ వల్ల సాయం పొందాం’ అని అర్థం. పొద్దున ఆరింటికి ఖాళీ చేస్తున్నా క్రమం ఇదే: కనబడగానే ‘ఒహయో గొజఇమస్’, తాళం ఇస్తూ ‘ఒనెగఇశిమస్’, సంచి భుజానేసుకున్నాక ‘ఒసెవని నరిమశ్త’.